కథలో ఎదురుజంటలను విప్పి చదవడం ఎలా: ‘దిద్దుబాటు’ మీద చేసి చూద్దాం

ఎం.ఏ. తెలుగు చదివే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. “డీకన్‌స్ట్రక్షన్ అంటే ఏమిటో నోట్స్‌లో ఉంది. కానీ కథ ముందు పెట్టుకుని కూర్చుంటే ఏం చేయాలో తెలియడం లేదు.” కొందరు దీన్ని వినిర్మాణం అంటారు, కొందరు విఖండన అంటారు. పేరు ఏదైనా చేయాల్సిన పని మాత్రం చేత్తో చేసేదే. పెన్సిలు, కాగితం, ఒక మధ్యాహ్నం ఉంటే చాలు. ఆ పని వరసగా ఎలా చేయాలో ఇక్కడ చెబుతాను.

సిద్ధాంతం ఎంత కావాలో ముందే చెప్పేస్తాను. ఏ రచనలోనైనా కొన్ని మాటలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి: నిజం–అబద్ధం, చదువు–అజ్ఞానం, ఇల్లు–వీధి. వాటిలో ఒకదానికి పెద్దపీట వేసి, రెండోదాన్ని కింద కూర్చోబెడుతుంది రచన. ఫ్రెంచి తత్త్వవేత్త జాక్ డెరిడా 1967 నుంచి వరసగా రాసిన పుస్తకాల్లో చేసిన పని ఈ పీటల వరసను పరీక్షించడం. పైన ఉన్నది కిందదాని సాయం లేకుండా నిలబడగలదా అని ఆయన అడిగాడు. ఆ జవాబును బయటి నుంచి తేలేదు, ఆ రచనలోని మాటల్లోంచే తీశాడు. మనం చేయబోయేదీ అదే.

కావలసినవి

పొట్టి రచన ఒకటి కావాలి. మొదటిసారి నవల జోలికి వెళ్లకండి. నేను గురజాడ అప్పారావు రాసిన ‘దిద్దుబాటు’ తీసుకుంటున్నాను. 1910లో వచ్చింది, నాలుగైదు పేజీల కథ, చాలామందికి పాఠంగా ఉంటుంది. రెండు రంగుల పెన్సిళ్లు, పంక్తులకు నంబర్లు వేసుకున్న ప్రతి, ఒక మంచి తెలుగు నిఘంటువు దగ్గర పెట్టుకోండి. నిఘంటువు ఎందుకా అనుకోవద్దు, అయిదో మెట్టులో పని మొత్తం దానితోనే.

ఒక జాగ్రత్త. ఈ కథ అచ్చుల్లో మాటల తేడాలున్నాయి. గ్రాంథికపు పోకడలు ఉన్న పాఠం ఒకటి, వాడుక భాషలోకి మార్చిన పాఠం ఒకటి చలామణిలో ఉన్నాయి. మీరు ఏ ప్రతి చదివారో పేపర్లో రాయండి, ఉదహరించే మాటలు దాంట్లోంచే తీసుకోండి. రెండు పాఠాలూ కలిపి వాడితే మీ వాదన మధ్యలో విరిగిపోతుంది.

కథ గుర్తులేనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. గోపాలరావు రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరి తలుపు తట్టాడు. సానిపాట విని వచ్చాడు. భార్య కమలినికి మాత్రం ఇన్ని రోజులుగా మీటింగులకు వెళ్తున్నానని చెబుతున్నాడు. లోపల ఆమె లేదు, బల్ల మీద ఉత్తరం ఉంది. నిజం చెలుల వల్ల తెలిసిందని, మీరు అబద్ధమాడాల్సిన అవసరం రాకుండా పుట్టింటికి వెళ్తున్నానని అందులో ఉంది. గోపాలరావు కుమిలిపోయాడు, తనను తాను పశువునని తిట్టుకున్నాడు, నౌకరు రాముడితో చదువుకున్న స్త్రీ గొప్పతనం గురించి మాట్లాడాడు, ఆమెను తీసుకురమ్మని పురమాయించాడు. అప్పుడు మంచం కింద నుంచి కమలిని నవ్వు వినపడింది. కథ అక్కడితో అయిపోయింది.

1. జంటల పట్టిక వేయండి

మొదటిసారి కథను కథగా చదవండి. రెండోసారి పెన్సిలు పట్టుకుని, ఒకదానికొకటి ఎదురుగా నిలిచే మాటలను గుర్తించండి. పైచేయిగా కనిపించేదానికి ఒక రంగు, రెండోదానికి ఇంకో రంగు వేయండి. ‘దిద్దుబాటు’లో నాకు దొరికినవి: నిజం–అబద్ధం, మీటింగు–సానిపాట, భర్త–భార్య, యజమాని–నౌకరు, చదువు–చదువులేమి, మనిషి–పశువు, ఇంట్లో ఉండటం–లేకపోవడం, దిద్దడం–దిద్దబడటం.

జంటలో రెండు వైపులకూ కథలో చోటు ఉండాలి. మాట నేరుగా లేకపోయినా దాన్ని చూపించే సంఘటన ఉండాలి. ‘సంప్రదాయం–ఆధునికత’ అని రాసిన పేపర్లు నేను చాలా చూశాను. అది బయటి నుంచి తెచ్చి కథ మీద కప్పిన దుప్పటి. ఏ పంక్తిలో ఉందని అడిగితే చూపించలేరు. చూపించలేనిదాన్ని పట్టికలోంచి కొట్టేయండి.

2. ఒకే జంటను ఎంచుకోండి

అన్నిటి మీదా పని చేయాలనుకుంటే ఏదీ పూర్తికాదు. కథ మొత్తం దేని మీద నిలబడి ఉందో ఆ జంటను తీసుకోండి. అది తెలుసుకోవడానికి నేను వాడే ఉపాయం ఒకటుంది. ఆ జంటను తీసేస్తే కథ నడుస్తుందా అని ఊహించి చూడండి. యజమాని–నౌకరు తేడా తీసేసి రాముడి చోట ఒక స్నేహితుణ్ణి పెట్టినా కథ కుంటుతూ అయినా నడుస్తుంది. నిజం–అబద్ధం తీసేస్తే ఉత్తరానికే కారణం లేదు. కాబట్టి మనం నిజం–అబద్ధం తీసుకుందాం.

3. ఎవరు పైన ఉన్నారో సాక్ష్యంతో రాయండి

“నిజం మంచిది, అబద్ధం చెడ్డది” అని మీకు తెలుసు కాబట్టి రాసేయకండి. ఈ కథ అలా అంటోందని చూపించాలి.

ఉత్తరంలో సాక్ష్యం స్పష్టంగా ఉంది. కమలిని ఫిర్యాదు సానిపాట మీద కన్నా అబద్ధాల మీదే ఎక్కువ. తను ఇంట్లో ఉండటం వల్లే మీరు కల్లలు ఆడాల్సి వస్తోందని, మీ చేత రోజూ అబద్ధమాడించడం కన్నా అడ్డు తొలగడమే మీ మేలు కోరే భార్య చేయాల్సిన పని అని రాసింది. అంటే ఉత్తరం నిజం పక్షాన నిలబడి, అబద్ధాన్ని ఇంట్లోంచి తరిమేయాలనుకుంటోంది. గోపాలరావు తనను పశువని తిట్టుకున్నప్పుడు ఆ తీర్పును ఒప్పుకున్నాడు. ఇప్పుడు పీటల వరస తేలింది. పైన నిజం, అక్కడ కమలిని. కింద అబద్ధం, అక్కడ గోపాలరావు.

ఈ మెట్టును రెండు మూడు వాక్యాల్లో నిజాయితీగా రాయండి. కథ ఏం చెప్పదలచుకుందో మీకు బాగా అర్థమైందని చదివేవారికి నమ్మకం కుదిరితేనే ముందు చెప్పేది వింటారు. ఇది దాటేసి నేరుగా విప్పడం మొదలుపెడితే రచయితతో కావాలని తగాదా పెట్టుకున్నట్టు ఉంటుంది.

4. పైనున్నది కిందదాని మీద ఎక్కడ ఆధారపడిందో వెతకండి

అసలు పని ఇక్కడే. మీ పంక్తుల నంబర్లు చూసుకుంటూ ఒకే ప్రశ్న వేసుకోండి: పైనున్నది తన పని తాను చేసుకోవడానికి, తాను తోసేసినదాన్ని ఎక్కడైనా అరువు తెచ్చుకుందా?

ఉత్తరం మళ్లీ చదవండి. పుట్టింటికి వెళ్తున్నానని రాసి ఉంది. ఆమె ఎక్కడుంది? మంచం కింద. అబద్ధాన్ని నిందించే ఉత్తరమే ఒక అబద్ధం. అది కథలో ఏదో మూలన పడి ఉన్న చిన్న లోపం కాదు. ఆ అబద్ధం లేకపోతే దిద్దుబాటే లేదు. ఆమె మంచం మీద కూర్చుని ఆ మాటలే ముఖం మీద చెప్పి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. మీటింగు ఆలస్యమైందని ఇంకో మాట చెప్పి ఉండేవాడు. ఆమె లేదనుకున్నాడు కాబట్టే గోపాలరావు నోట మొదటిసారి నిజం వచ్చింది, అదీ రాముడి ముందు.

ఇంకా దగ్గరికి వెళ్లండి. గోపాలరావు ఆడిన అబద్ధం ఎలాంటిది? ఒక చోట ఉండి ఇంకో చోట ఉన్నానని చెప్పడం. సానిపాట దగ్గర ఉండి మీటింగులో ఉన్నానన్నాడు. కమలిని చేసిందేమిటి? మంచం కింద ఉండి పుట్టింటికి వెళ్లానని నమ్మించింది. అచ్చు అదే అచ్చు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రాసుకున్నప్పుడు నాకు చాలాసేపు ఇంకో పని తోచలేదు. ఇరవైసార్లు చదివిన కథలో అప్పటిదాకా చూడని పోలిక అది.

చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు. “కాబట్టి కమలిని కూడా అబద్ధాలకోరే” అనో, “గురజాడ తనకు తానే విరుద్ధంగా రాశాడు” అనో తేల్చేస్తారు. రెండూ తప్పే. మనం పాత్ర మీద నేరం మోపడం లేదు, రచయిత తప్పులు పట్టడం లేదు. నిజం, అబద్ధం అని ఇంత కచ్చితంగా గీసిన గీత ఈ కథలో ఎలా నడుస్తోందో చూస్తున్నాం, అంతే.

ఇంకో పొరపాటు దీనికన్నా సూక్ష్మమైనది. పీటలు తారుమారు చేసి, పని అయిపోయిందనుకోవడం. “భర్త పైన ఉంటాడనుకున్నాం, కథలో భార్యే పైచేయి సాధించింది, ఇదే డీకన్‌స్ట్రక్షన్” అని రాస్తారు. ఆ తారుమారు గురజాడే చేసి పెట్టాడు. గోపాలరావు చేతే చెప్పించాడు కూడా. భార్యను ఇంగ్లిషువాడు ‘బెటర్ హాఫ్’ అంటాడని, అంటే పెళ్లాం మొగుడి కన్నా దొడ్డదని రాముడికి వివరిస్తాడు. కథ పైకే చెబుతున్న మాటను మీరు కనిపెట్టినట్టు రాయకూడదు. పైగా ఆ పొగడ్తలో ఏముందో చూడండి. చదువుకున్న స్త్రీని భగవంతుడి సృష్టిలో అన్నిటికన్నా గొప్ప ‘వస్తువు’ అంటాడు. పైపీట ఎక్కించాడు, కానీ ఆ పీటను వేసింది ఆయనే, కొలిచిందీ ఆయనే. పీటలు మార్చినంత మాత్రాన వరస పోదు. అందుకే డెరిడా కూడా తారుమారు చేయడాన్ని సగం పనిగానే లెక్కపెట్టాడు.

5. గీత మీద రెండు వైపులా నిలబడే మాటను పట్టుకోండి

మిగతా సగం ఇది. చాలా రచనల్లో ఒక మాట ఉంటుంది. అది జంటలో ఏ వైపుకూ పూర్తిగా చెందదు, రెండు వైపులా పనిచేస్తుంది. ప్లేటో రాసిన ఒక సంభాషణలో డెరిడాకు దొరికింది గ్రీకు మాట ‘ఫార్మకాన్’. అక్కడ రాతను ఆ మాటతో పిలిచారు. దానికి మందు అనీ అర్థముంది, విషం అనీ అర్థముంది. అనువాదకులు ఒక్కో చోట ఒక్కో అర్థం ఎంచుకోవడం వల్ల ఆ రెండూ ఒకే మాట అన్న సంగతి చదువరికి కనిపించకుండా పోయింది.

మన కథలో ఆ మాట వెతకడానికి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. శీర్షికలోనే ఉంది. నిఘంటువు తీసి ‘దిద్దు’ చూడండి.

మాస్టారు పరీక్ష పేపర్లు దిద్దుతారు. అంటే తప్పులు సరిచేస్తారు. బడిలో చేరిన పిల్లాడు పలక మీద ‘అ’ దిద్దుతాడు. అంటే ముందే రాసి ఉన్న అక్షరం మీద మళ్లీ మళ్లీ రాస్తాడు. గురువు చేసే పనికీ, శిష్యుడు చేసే పనికీ తెలుగులో ఒకటే క్రియ. ఒకటి పైనుంచి సరిచేయడం, ఇంకోటి కిందనుంచి అనుసరించడం. బొట్టు దిద్దడం, కాటుక దిద్దడం కూడా ఉన్నాయి, అవి ఇక్కడ మనకు అంతగా అక్కర్లేదు.

ఇప్పుడు నాలుగో మెట్టులో దొరికినదాన్ని దీని పక్కన పెట్టండి. భర్త గీసిన అబద్ధం మీదే కమలిని మళ్లీ గీసింది, పలక మీద పిల్లలు దిద్దినట్టు. ఒక చోట ఉండి ఇంకో చోట ఉన్నట్టు నమ్మించడం ఆమె అతని దగ్గర నేర్చుకున్న అక్షరమే. అలా దిద్దడం వల్లే అతన్ని దిద్దగలిగింది. మొదటి దిద్దడం శిష్యురాలిది, రెండోది గురువుది, చేసింది మాత్రం ఒకే పని. అలాంటప్పుడు ఆమె పైన ఉందా, కింద ఉందా? ఆమె వాడినది నిజమా, అబద్ధమా? ఆ ప్రశ్నకు ఒకవైపు జవాబు చెప్పనివ్వకుండా శీర్షికే అడ్డంగా నిలబడింది.

గురజాడ ఇదంతా అనుకునే ఆ పేరు పెట్టాడా అని తప్పకుండా అడుగుతారు. ఆయన మనసులో ఏముందో నిరూపించే పని మీది కాదు. మాటకు ఆ రెండు అర్థాలూ భాషలో ఉన్నాయి, కథలో రెండూ పనిచేస్తున్నాయి. అది చూపిస్తే చాలు. “గురజాడ ఉద్దేశం ఇదే” అని మాత్రం రాయకండి.

ప్రతి కథ శీర్షికలోనూ ఇలాంటి మాట దొరకదు. దొరక్కపోతే ఒక వస్తువు కోసం చూడండి. చేతులు మారే ఉత్తరం, తలుపు, అద్దం, తాళం లాంటివి తరచూ గీత మీదే ఉంటాయి. అదీ లేకపోతే నాలుగో మెట్టుతో ఆపేయండి. లేని మాటను పుట్టించడం కన్నా అది నయం.

6. నాలుగు వాక్యాల్లో రాయండి

పేపరు మొదలుపెట్టే ముందు మీ చదువు మొత్తం నాలుగు వాక్యాల్లో పట్టాలి. నా నాలుగూ ఇవి: ‘దిద్దుబాటు’ నిజాన్ని పైన, అబద్ధాన్ని కింద పెడుతుంది. కానీ అబద్ధాన్ని నిందించే ఉత్తరం తానే ఒక మాయ, భర్త ఆడిన అబద్ధం ఆకారంలోనే ఉంది. భార్యను పైకెక్కించిన పొగడ్త ఆమెను ‘వస్తువు’ అని పిలిచింది కాబట్టి పీటల మార్పిడి సమస్యను తీర్చలేదు. సరిచేయడం, అనుసరించి రాయడం అనే రెండు అర్థాలూ మోసే ‘దిద్దు’ అనే మాటలో ఈ కథ గీసిన గీత నిలవకుండా పోతుంది.

రెండో వాక్యంలో ‘కానీ’ లేకపోతే మీరు కథాసారాంశం రాశారన్నమాట. నాలుగో వాక్యంలో రచనలోని మాట ఒక్కటైనా లేకపోతే సిద్ధాంతం నోట్స్ తిరగరాశారన్నమాట.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

నేను విద్యార్థిగా రాసిన మొదటి పేపరు వెనక్కి వచ్చినప్పుడు మార్జిన్‌లో ప్రతి పేరాకూ ఒకటే మాట ఉంది: “ఏ పంక్తి?” ఆ రోజు చాలా బాధపడ్డాను. ఇప్పుడు నా విద్యార్థుల పేపర్లలో నేనూ అదే రాస్తాను. మీ ప్రతి వాదన పక్కన పంక్తి నంబరు వేయండి. వేయలేని చోట వాదన బలహీనంగా ఉందని అర్థం.

తర్వాత పేర్లు మార్చి చూడండి. మీ నాలుగు వాక్యాల్లో కమలిని, గోపాలరావు పేర్లు తీసి వేరే కథలో పాత్రల పేర్లు పెట్టండి. అప్పటికీ వాక్యాలు చెల్లుతుంటే మీరు ఈ కథను చదవలేదు. “నిజానికీ అబద్ధానికీ మధ్య స్పష్టమైన హద్దు లేదు” అన్న వాక్యం ఏ కథకైనా అతుకుతుంది. మంచం కింద ఉండి పుట్టింటి పేరు రాయడం ఒక్క ‘దిద్దుబాటు’కే అతుకుతుంది.

మూడోది కష్టమైనది. మీ స్నేహితుల్లో బాగా వాదించే ఒకరికి ఇచ్చి, కథలోని మాటలతోనే మిమ్మల్ని ఓడించమనండి. నాకు ఒక విద్యార్థిని ఇలా అడ్డు చెప్పింది: “ఉత్తరంలో ‘చనియెద’ అని ఉంది సార్. అది భవిష్యత్తు. వెళ్తానంది గానీ వెళ్లాననలేదు కదా. అబద్ధం ఎలా అవుతుంది?” చాలా మంచి దెబ్బ. నేను ‘అబద్ధం’ అన్నచోట ‘మాయ’ అని దిద్దుకోవాల్సి వచ్చింది. ఆమె మాటలో అబద్ధం లేకపోవచ్చు, కానీ ఖాళీ మంచం, బల్ల మీద ఉత్తరం కలిసి అతను వెళ్లిపోయిందనుకునేలా చేశాయి. నిజమైన మాటతోనే మోసం జరిగిందంటే గీత ఇంకా పలచబడింది. ఎదుటివారి అభ్యంతరం మీ వాదనను పూర్తిగా పడగొడితే వదిలేయండి, ఇలా పదును పెడితే పేపర్లో చేర్చండి.

పద్యం మీద చేయాలంటే

మెట్లు అవే, సమయం తక్కువ పడుతుంది. వేమన పద్యం “ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు” తీసుకోండి. పైకి కనపడేది–లోపలి గుణం అన్నది జంట. చూపును నమ్మవద్దు, రుచిని బట్టి తెలుసుకో అంటుంది పద్యం, కాబట్టి లోపలిది పైన.

మూడో మెట్టులో ఇక్కడ ఒక గుంట ఉంది, దాదాపు అందరూ పడతారు. కర్పూరం పుణ్యపురుషుడు, ఉప్పు మామూలు మనిషి అని రాసేస్తారు. పద్యం ఆ మాట ఎక్కడా అనలేదు. రెంటి రుచులు వేరని మాత్రమే అంది. ఆ వరస మన అలవాటులోంచి వచ్చింది.

నాలుగో మెట్టుకు రెండో పాదం చూడండి: “చూడ చూడ రుచుల జాడ వేరు.” చూపును దాటి వెళ్లమని చెప్పే పద్యం, ఆ దాటడానికి మళ్లీ ‘చూడ’ అనే వాడింది. తెలుగులో రుచిని కూడా ‘చూస్తాం’. పైపై చూపుకు ఎదురుగా నిలబెట్టినదానికి ఆ చూపు పేరే పెట్టాల్సి వచ్చింది. అయిదో మెట్టులో వెతకాల్సిన మాట కూడా అదే కాబట్టి, ఈ పద్యంలో నాలుగూ అయిదూ ఒకే చోట తెగిపోతాయి. పదిహేను మార్కుల ప్రశ్నకు రెండు పేజీల జవాబు దీంతో వస్తుంది. ‘దిద్దుబాటు’ మీద రాస్తే ఆరేడు పేజీలు పడుతుంది, కాబట్టి దాన్ని సెమినార్ పేపరుకు ఉంచుకోండి.